గీతల కంటే ముందు ఆకృతి: రూపచిత్రానికి వయసు చేర్చడంలోని సత్యాసత్యాలు

భారతదేశంలో చేతులు మారే కరెన్సీ నోట్ల మీద ఒక వృద్ధుని ముఖం చిరునవ్వుతో కనిపిస్తుంది. 1996లో ప్రవేశపెట్టిన మహాత్మాగాంధీ శ్రేణి నోట్లకు ఆధారమైన ఆ ఛాయాచిత్రం 1946 నాటిది. బ్రిటిష్ రాజకీయవేత్త పెథిక్ లారెన్స్ పక్కన నిలిచి ఉన్న గాంధీజీ చిత్రం నుండి ముఖభాగాన్ని మాత్రం వేరుచేసి తీసుకున్నది. అప్పటికి ఆయన వయస్సు 76 సంవత్సరాలు. దానికి నాలుగు దశాబ్దాల వెనుక, 1906 ప్రాంతంలో, జోహాన్నెస్‌బర్గ్‌లో న్యాయవాదిగా ఉన్న రోజుల నాటి చిత్రం కూడా పాఠ్యపుస్తకాల ద్వారా అందరికీ పరిచితమే. గట్టి కాలరు, టై, నల్లని మీసం, దువ్విన నల్లని జుట్టు, నిండైన చెంపలు. ఈ రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచితే చూపరికి మొదట కలిగేది ఆశ్చర్యం. రెండో క్షణంలో, ఇద్దరూ ఒకరేనన్న నమ్మకం కలుగుతుంది. ఈ నమ్మకం ఎక్కడి నుండి వస్తున్నది? జుట్టు లేదు, దంతాలు లేవు, చెంపలు లోనికి పోయాయి, మీసం నెరసింది. అయినా ఆ మనిషి ఆ మనిషిగానే ఉన్నాడు.

రూపచిత్రానికి కృత్రిమంగా వయసు చేర్చే కళకు ఇంతకంటె మంచి పరీక్ష దొరకదు. 1906 నాటి చిత్రం మాత్రమే చేతిలో ఉన్న చిత్రకారుడు, 1946 నాటి ముఖాన్ని ఊహించగలడా? సమాధానం ముందే అచ్చై ప్రతివారి జేబులోనూ ఉన్న ప్రశ్న ఇది. ఛాయాచిత్రాలను కంప్యూటరు మీద దిద్దేవారు, చలనచిత్ర రూపశిల్పులు, పోలీసు శాఖల కోసం పనిచేసే చిత్రకారులు తలకెత్తుకునే ఈ పనిలో ఎక్కువమంది ఒకే చోట తప్పుతారు. వారికి వార్ధక్యమంటే ముడత. యువకుని ముఖం మీద గీతలు గీసి, జుట్టుకు తెల్లరంగు వేసి, పని పూర్తయిందనుకుంటారు. ఫలితం వృద్ధుడు కాదు, వృద్ధుని వేషం వేసిన యువకుడు. బడిలో వార్షికోత్సవ నాటకం చూసినవారికి ఆ ముఖం చిరపరిచితం.

ఈ రంగంలో ఎంతగానో చర్చకు వచ్చిన విజయాన్ని ముందుగా పరిశీలించడం ఉచితం. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 1971 నవంబరులో జాన్ లిస్ట్ అనే వ్యక్తి తన తల్లిని, భార్యను, ముగ్గురు పిల్లలను చంపి అదృశ్యమయ్యాడు. అప్పటికి అతని వయస్సు 46. పద్దెనిమిదేళ్ళ పాటు అతని జాడ తెలియలేదు. 1989లో ఒక టెలివిజన్ కార్యక్రమం కోసం ఫిలడెల్ఫియాకు చెందిన శిల్పి ఫ్రాంక్ బెండర్, పాత ఛాయాచిత్రాల ఆధారంగా 63 ఏళ్ళ లిస్ట్ ఎలా ఉంటాడో ఊహించి ఒక శిరోవిగ్రహాన్ని మలిచాడు. మే 21న అది ప్రసారమైంది. జూన్ 1న వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో, వేరే పేరుతో మరొక భార్యతో కాపురముంటున్న లిస్ట్ పట్టుబడ్డాడు. విగ్రహానికీ నిజమైన ముఖానికీ ఉన్న పోలిక చూసినవారిని నివ్వెరపరచింది.

బెండర్ చేసినదేమిటి? ముడతలు చెక్కడం అతని పనిలో చిన్న భాగం. రిచర్డ్ వాల్టర్ అనే నేర మనస్తత్వవేత్తతో కలిసి ముందుగా ఆ మనిషి స్వభావాన్ని ఆలోచించాడు. నియమబద్ధుడు, మార్పు గిట్టనివాడు, వ్యాయామం చేసే రకం కాదు, మాంసమూ బంగాళాదుంపలూ తినే పాతకాలపు భోజనపు అలవాటు. అట్టివాని దవడ కింది కండ జారుతుంది, చర్మం పాలిపోతుంది, ముందరి జుట్టు వెనక్కు తగ్గుతుంది. చెవి వెనుక పాత శస్త్రచికిత్స గాటు ఉన్నది, అది పోదు. శస్త్రచికిత్సతో ముఖం మార్చుకొనే మనిషి కాదు గనుక ఆ ఊహను తోసిపుచ్చారు. ఇక కళ్ళద్దాలు: లోగడ ధరించిన వాటి కంటే మందమైన, ముదురు రంగు అంచున్న అద్దాలను ఎంచుకున్నారు, గౌరవనీయుడుగా కనిపించాలన్న కోరిక అతనికి ఉంటుందని తర్కం. పట్టుబడిననాడు లిస్ట్ ధరించిన అద్దాలు దాదాపు అటువంటివే.

ఈ ఉదంతాన్ని కథలా చెప్పుకొని మెచ్చుకోవడం సులభం. విమర్శకుడు చూడవలసినది మరొకటి. బెండర్ మార్పులను రెండు రాసులుగా విడదీశాడు. ఏ మనిషికైనా వయసు చేసేవి కొన్ని. ఈ మనిషికి మాత్రమే అతని జీవితం చేసేవి కొన్ని. మొదటి రాశికి శరీరశాస్త్రం ఆధారం, రెండవదానికి జీవితచరిత్ర ఆధారం. రెండు రాసులకూ లొంగనిది మూడవది ఉన్నది. అదే మనిషి గుర్తు. ఏది కదలరాదో తెలియనివాడు ఏది కదపాలో తెలిసీ ప్రయోజనం లేదు.

గాంధీజీ చిత్రం వద్దకు తిరిగి వస్తే, కదలరాని వాటిని మొదట గుర్తించాలి. పెద్దవయసు వచ్చాక రెండు కనుపాపల నడుమ దూరం దాదాపు స్థిరం. పురుషులలో సగటున 63, 64 మిల్లీమీటర్లు. కళ్ళ లోపలి మూలల స్థానం, ముక్కు దూలం మొదలయ్యే చోటు, నుదుటి ఎముక వెడల్పు, చెవి లోపలి మడతల వంపు, వీటితో పాటు ముఖంలోని వంకరలు. ప్రతి ముఖమూ కొంత వంకరే: ఒక కన్ను రవ్వంత కిందికి, ఒక చెవి రవ్వంత బయటికి. దిద్దేవాడు తెలియకుండానే వీటిని సరిచేస్తాడు. సౌష్ఠవం కంటికి ఇంపు గనుక. ఆ సరిదిద్దడంలోనే మనిషి జారిపోతాడు. చూపరి 'వృద్ధుడు బాగానే ఉన్నాడు, కానీ ఎవరో మరొకరు' అనేది ఇటువంటప్పుడే.

కనుపాపల దూరం స్థిరమన్న సంగతి మరొక విధంగానూ అక్కరకు వస్తుంది. అది చిత్రంలోనే దొరికే కొలబద్ద. కెమెరాకు అభిముఖంగా ఉన్న ఒక ముఖంలో కనుపాపల నడుమ 640 పిక్సెళ్ళు ఉన్నాయనుకుంటే, సుమారుగా పది పిక్సెళ్ళు ఒక మిల్లీమీటరు. ఇప్పుడు ఊహకు బదులు కొలత మాట్లాడుతుంది. ఉదాహరణకు చెవి. వృద్ధుల చెవులు పెద్దవన్నది లోకానుభవం. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చైన ఒక చిన్న అధ్యయనంలో, ముప్ఫై ఏళ్ళు దాటిన 206 మంది చెవులు కొలిచి, ఏడాదికి సగటున 0.22 మిల్లీమీటర్ల చొప్పున పొడవు హెచ్చుతుందని తేల్చారు. ఒకే మనిషిని జీవితాంతం వెంబడించి తీసిన లెక్క కాదది; వేర్వేరు వయసులవారిని కొలిచి తీసినది. అయినా దారి చూపుతుంది. నలభై ఏళ్ళకు ఇంచుమించు 9 మిల్లీమీటర్లు, అంటే ఆ చిత్రంలో 90 పిక్సెళ్ళు. ముడతలు గీసే చేయి ఎన్నడూ సాహసించనంత పెద్ద మార్పు ఇది. గాంధీజీ చెవులు యౌవనంలోనే విశాలమైనవి, తలకు ఎడంగా నిలిచేవి. వ్యంగ్య చిత్రకారులు రెండు గీతలతో ఆయనను చూపగలిగారంటే అందులో ఒక గీత చెవిదే. 1906 చిత్రంలో ఒత్తైన జుట్టు ఆ చెవుల ప్రాముఖ్యాన్ని తగ్గించింది. జుట్టు పోయి, చెంపలు లోనికి పోయి, తమ్మెలు సాగినప్పుడు అవే ముఖానికి ముఖ్య లక్షణాలయ్యాయి. కాలం కొత్తది చేర్చలేదు. ఉన్నదాని మీద తెర తీసింది.

మిగిలిన ఆకృతి మార్పులను ఇదే కొలబద్దతో చేయవచ్చు. ముక్కు కొన ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగుతుంది. పై పెదవి పొడవవుతుంది, పలుచనవుతుంది, ఎరుపుభాగం లోనికి ముడుచుకొంటుంది. కనుబొమ చివరి భాగం దిగి పైరెప్ప మీద చర్మపు మడతగా వాలుతుంది; అందువల్ల కన్ను చిన్నదైనట్లు తోస్తుంది. కనుగుడ్డు మాత్రం తగ్గదు. చాలామంది కన్నునే కుదించి ఈ ప్రభావాన్ని సాధించబోతారు. అప్పుడు చూపు మారుతుంది, చూపుతో పాటు మనిషీ మారతాడు. కుదించవలసినది కన్ను కాదు, కన్ను కనిపించే కిటికీని.

ముఖం కింది భాగం దగ్గర చిక్కు మొదలవుతుంది. సాధారణ సూత్రం ప్రకారం డెబ్భై ఆరేళ్ళ వ్యక్తికి దవడ పక్కల కండ జారాలి. జాన్ లిస్ట్ విషయంలో అది నిజమైంది. అదే సూత్రాన్ని గాంధీజీకి వర్తింపజేస్తే పూర్తిగా తప్పవుతుంది. మితాహారం, ఉపవాసాలు, నడక జీవితనియమంగా గడిపిన దేహంలో జారడానికి కొవ్వు లేదు. అక్కడ జరిగేది తరుగు: కణతలు గుంటపడతాయి, చెంప ఎముక కింద నీడ చేరుతుంది, మెడ నరాలు తీగల్లా తేలుతాయి. దీనికి తోడు దంతాలు పోయిన దవడ. పళ్ళు ఊడిపోయినచోట వాటిని పట్టి ఉంచిన ఎముక కూడా కరుగుతుంది. కింది దవడ పైకి వచ్చి ముక్కుకూ గడ్డానికీ దూరం తగ్గుతుంది. పెదవులకు ఆధారం లేక లోనికి పోతాయి, చుబుకం ముందుకు పొడుచుకొస్తుంది. నోటు మీది చిరునవ్వుకు ఆ ప్రత్యేకత ఇచ్చినది ఇదే. 1906 చిత్రాన్ని మాత్రమే చూసి ఈ సంగతి ఊహించడం ఏ శిల్పికీ సాధ్యం కాదు. ఆ బారిస్టరు మున్ముందు ఎటువంటి జీవితం ఎంచుకోబోతున్నాడో తెలిసి ఉండాలి. ఆ విషయం తెలియని చిత్రకారుడు నిజాయితీగా పనిచేస్తే జోహాన్నెస్‌బర్గ్‌లో స్థిరపడి, కాస్త స్థూలించి, బట్టతలతో విశ్రాంతి తీసుకుంటున్న ఒక న్యాయవాది చిత్రమే తయారవుతుంది. అది నమ్మదగినదే. గాంధీజీ మాత్రం కాదు. నమ్మదగినదానికీ నిజమైనదానికీ నడుమ ఈ ఎడం ఎప్పుడూ ఉంటుంది. నైపుణ్యంతో దాన్ని పూడ్చలేరు.

చలనచిత్ర రూపశిల్పానికి మూలంలోనే ఉన్న పరిమితి ఇక్కడ బోధపడుతుంది. నటుని ముఖం మీద రబ్బరు పొరలు చేర్చవచ్చు గాని, ఉన్న కండను తీసివేయలేరు. అందువల్ల తెరమీది వృద్ధులు నిజజీవితపు వృద్ధుల కంటే తరచుగా లావుగా, ముఖాలు వెడల్పుగా కనిపిస్తారు. 1996లో వచ్చిన 'భారతీయుడు' చిత్రంలో కమల్ హాసన్ వృద్ధ సేనాపతి వేషానికి హాలీవుడ్ రూపశిల్పి మైకేల్ వెస్ట్‌మోర్ పనిచేశారు. ఆనాటికి అది గొప్ప ప్రయత్నమే. కాని ఆ ముఖం నిశ్చలంగా ఉన్నప్పుడు కలిగే నమ్మకం, మాటలాడేటప్పుడు కొంత సడలుతుంది. పొర కింద చిన్న కండరాల కదలిక పైకి రాదు గనుక. అదే నటుడు 1983 నాటి 'సాగర సంగమం'లో వయసు మళ్ళిన నాట్యాచార్యునిగా కనిపించినప్పుడు అంతటి రూపశిల్పమేమీ లేదు. నెరిసిన జుట్టు, కళ్ళద్దాలు, వంగిన భుజాలు, తాగుడుతో అలసిన చూపు, అంతే. అయినా ప్రేక్షకుడు ఆ వయసును శంకించడు. నటుడు కదలగలడు గనుక ఈ సౌకర్యం అతనికి ఉన్నది. నిశ్చల చిత్రానికి ఆ సాయం లేదు. బదులుగా కండను తీసివేసే స్వేచ్ఛ ఉన్నది. కంప్యూటరు మీద పనిచేసేవారు ఆ స్వేచ్ఛను వాడకుండా రూపశిల్పి లాగే పొరలు చేర్చుకుంటూ పోవడం విచిత్రం.

ఆకృతి కుదిరిన తరువాత వెలుగు సంగతి. చెంపను గుంట చేయడమంటే అక్కడ నల్లరంగు పూయడం కాదు. మూలచిత్రంలో వెలుగు ఏ వైపు నుండి పడిందో ముక్కు నీడ చెబుతుంది. గుంటకు వెలుగు వచ్చే వైపు అంచు నీడలో పడుతుంది, ఎదుటి అంచు వెలుగును అందుకుంటుంది. ముడతకూ ఇదే న్యాయం. ముడత గీత కాదు, లోయ. ఒక గట్టు చీకటి, మరొక గట్టు వెలుతురు, నడుమ మెత్తని మార్పు. ముదురు గీత ఒక్కటే గీస్తే చర్మం మీద పెన్సిలుతో గీసినట్టే ఉంటుంది. ఫోటోషాప్ వంటి సాధనాల్లో అనుభవజ్ఞులు ఈ పనికి మధ్యస్థమైన బూడిదరంగు పొరనొకదాన్ని చిత్రం మీద పరచి, దాని కలయిక రీతిని సాఫ్ట్ లైట్‌కు మారుస్తారు. ఆ బూడిదరంగు తనంత తాను కనిపించదు. దాని మీద పలుచగా తెలుపు పూసినచోట కింది చర్మం వెలుగుతుంది, నలుపు పూసినచోట మసకబారుతుంది. మూలచిత్రం చెక్కుచెదరదు గనుక తప్పును ఎప్పుడైనా తుడిచివేయవచ్చు. ఆకృతి మార్పు ఒక పొర, వెలుగునీడలు ఒక పొర, జుట్టు ఒకటి, చర్మపు నేత ఒకటి. ఇలా విడదీసి ఉంచుకోవడంలో సౌకర్యం మాత్రమే కాదు, పరీక్ష కూడా ఉన్నది. చర్మపు పొరను దాచి చూడాలి. ముడతలన్నీ మాయమైనా ఆ మనిషి ఇంకా అరవై దాటినవాడుగానే కనిపిస్తే పని సరైన దారిలో ఉన్నట్టు. ఒక్కసారిగా యువకుడైతే అంతవరకు జరిగినదంతా అలంకారమే.

జుట్టు విషయంలో వరుస తప్పరాదు. ముందు పలుచబడాలి, తరువాత నెరవాలి. మొత్తం జుట్టును ఒకే తెలుపు చేస్తే అది టోపీలా కూర్చుంటుంది. నిజమైన నెరుపులో నల్లని వెంట్రుక, తెల్లని వెంట్రుక పక్కపక్కనే ఉంటాయి. కణతల దగ్గర తెలుపు సాధారణంగా ముందు వస్తుంది, కనుబొమలు చాలాకాలం నల్లగానే నిలుస్తాయి. నెరిసిన తల కింద నల్లని కనుబొమ చూసి తొందరపడి దానికీ తెలుపు పూయడం వల్ల ముఖం చప్పబడిపోతుంది. గుర్తింపులో కనుబొమకు కంటితో సమానమైన పాత్ర ఉన్నది.

చర్మం చివరిది. ఇక్కడ మరొక లోపాన్ని కొంత నిష్కర్షగానే చెప్పవలసి ఉన్నది. ముఖానికి యాంత్రికంగా వయసు చేర్చే పద్ధతికి ఆద్యురాలు అమెరికన్ కళాకారిణి నాన్సీ బర్సన్. ఆమె, ఆమె సహచరుడు థామస్ ష్నైడర్ ఈ పద్ధతికి 1981లో పేటెంటు పొందారు. తరువాత 1995లో స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో బర్ట్, పెరెట్ అనే పరిశోధకులు యువకుల ముఖాల సగటును, వృద్ధుల ముఖాల సగటును తయారుచేసి, రెండింటి తేడాను ఒక ముఖానికి కలిపి చూశారు. ఆకృతి తేడా ఒక్కటి కలిపినా వయసు పెరిగింది. రంగు తేడా ఒక్కటి కలిపినా పెరిగింది. కాని సగటు తీయడంలో సన్నని ముడతలు ఒకదానిలో ఒకటి కలిసి చెరిగిపోతాయి గనుక, ఆ సగటు ముఖాలు అసలు వయసు కంటే చిన్నగా కనిపించాయి. ఎంతో విలువైన పరిశీలన. అయితే వారు తీసుకున్నవి శ్వేతజాతి పురుషుల ముఖాలు. ఆ పరిమితిని వారు శీర్షికలోనే చెప్పుకున్నారు. ఇతరులు మాత్రం అటువంటి ముఖాల నుండి తీసిన ముడతల అచ్చులను తెచ్చి ప్రపంచంలోని చర్మాలన్నిటి మీదా అద్దుతూ వచ్చారు.

శ్వేతవర్ణపు చర్మం ఎండకు త్వరగా సన్నని గీతలతో నిండిపోతుంది. గోధుమవన్నె, చామనఛాయ చర్మంలో వర్ణకం కొంత రక్షణ ఇస్తుంది. గీతలు ఆలస్యంగా, తక్కువగా వస్తాయి. వయసు అక్కడ రంగులో కనిపిస్తుంది. కళ్ళ చుట్టూ నలుపు ముదురుతుంది, నుదురు, కణతలు చెంపల కంటే నల్లబడతాయి, పెదవుల అంచులు నల్లబారతాయి, చిన్న చిన్న నల్లని పులిపిరులు చెంపల మీదికి వస్తాయి. పొలంలో జీవితం గడిపిన తెలుగు రైతు ముఖాన్ని ఒకసారి శ్రద్ధగా చూస్తే చాలు: గీతలు తక్కువ, లోతు ఎక్కువ. నుదుట మూడు, కళ్ళ చివర నాలుగు. కాని ఒక్కొక్కటి నాగటిచాలు. దాని మీద ఇంగ్లండు వృద్ధుని సన్నని ముడతల వల అద్దితే ఏమవుతుంది? వయసు రాదు, జాతి మారుతుంది. చూపరికి కారణం తెలియదు గాని ముఖం పరాయిదని తోస్తుంది. దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. అదే ప్రాంతపు, అదే వృత్తి వృద్ధుల ఛాయాచిత్రాలను ఎదుట పెట్టుకొని పనిచేయాలి. అన్నిటినీ మించి ఆ మనిషి తల్లి, తండ్రి, మేనమామ ఆ వయసులో ఉన్నప్పటి చిత్రాలు దొరికితే వాటికి సాటి లేదు. తప్పిపోయిన పిల్లల చిత్రాలకు వయసు చేర్చే నిపుణులు మొదట అడిగేది కుటుంబ ఛాయాచిత్రాలనే.

పాత చిత్రాలతో పనిచేసేవారికి ఇంకొక బోను ఉన్నది. ఇరవయ్యో శతాబ్దారంభపు స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిలుతో దిద్ది చర్మాన్ని నునుపు చేయడం పరిపాటి. పైగా ఆనాడు సాధారణంగా వాడిన ఫలకాలకు ఎరుపు కాంతి సరిగా అందదు. అందువల్ల గోధుమవన్నె చర్మం ఉన్నదానికంటే నల్లగా పడేది. అంటే 1906 నాటి రూపచిత్రం అంతకుముందే ఒకసారి దిద్దబడిన వస్తువు కావచ్చు. దానిలోని నునుపు యౌవనానిదో, స్టూడియో పెన్సిలుదో చెప్పడం కష్టం. అటువంటి చిత్రం మీదికి నేటి కెమెరాతో తీసిన వృద్ధుని చర్మాన్ని తెచ్చి అతికిస్తే, రంధ్రాలతో సహా స్పష్టంగా ఉన్న చెంప పక్కన మసకమసకగా ఉన్న ముక్కు వెలుస్తుంది. అతికింపు బయటపడేది చాలావరకు ఇక్కడే. కొత్తగా చేర్చిన ప్రతిదాన్నీ మూలచిత్రమంత మసక చేసి, చివరలో చిత్రమంతటి మీదా ఒకే రేణువును చల్లితే గాని రెండు కాలాలు ఒకటి కావు.

పూర్తయిన చిత్రాన్ని పరీక్షించడానికి చేతిపని తెలిసినవారు వాడే ఉపాయాలు సులభమైనవే. చిత్రాన్ని తపాలాబిళ్ళ అంత చేసి చూడాలి. ఆ పరిమాణంలో ముడతలు కనిపించవు, ఆకృతి ఒక్కటే మిగులుతుంది. అప్పుడు వయసూ మనిషీ రెండూ నిలవాలి. పాత చిత్రాన్నీ కొత్తదాన్నీ ఒకదానిమీద ఒకటి ఉంచి వేగంగా మార్చి చూడాలి. కనుపాపలు గెంతితే ఎక్కడో తప్పు జరిగింది. ఆ తరువాత, ఆ మనిషిని ఎరిగినవారికి ఏమీ చెప్పకుండా చూపాలి. వారు 'ఎవరిది?' అని అడిగితే ఒక తీర్పు. 'ఇది ఎప్పుడు తీసింది?' అని అడిగితే మరొక తీర్పు.

ఈ కళకు సమాజంలో ఇప్పుడున్న వినియోగం రెండు విధాలు. ఒకటి వెతుకులాట. ఇరవై ముప్ఫై ఏళ్ళ కింద ఇల్లు విడిచిపోయిన వ్యక్తి కోసం అధికారులు విడుదల చేసే చిత్రం ఒకటే అయితే, చూసిన ప్రజలు ఆ ఒక్క రూపం కోసమే వెతుకుతారు. ఊహ తప్పితే నిజమైన మనిషి ఎదురుగా నడిచిపోయినా పట్టించుకోరు. బెండర్ శిల్పం ఒక్కటే ఊహ, అది ఫలించింది. ఫలించిన ఉదాహరణలే ప్రచారంలోకి వస్తాయన్నది మరువరాదు. చిక్కినట్లు ఒకటి, స్థూలించినట్లు ఒకటి, గడ్డంతో, గడ్డం లేకుండా, ఇలా మూడు నాలుగు రూపాలను పక్కపక్కన అచ్చువేయడం అధికారులు పాటించదగిన పద్ధతి. అది అనిశ్చయాన్ని దాచదు. ప్రతి చిత్రం కింద మూలచిత్రం ఏ సంవత్సరానిదో, ఊహించిన వయసు ఎంతో తెలపడం కూడా అవసరం.

రెండవ వినియోగం ఇళ్ళల్లో జరుగుతున్నది. యౌవనంలోనే పోయిన భర్త చిత్రం గోడ మీద ఉంటుంది. పక్కన భార్యకు డెబ్భై ఏళ్ళు వస్తాయి. తల్లిదండ్రులు ఇద్దరూ కలిసి ఉన్న చిత్రం కావాలని పిల్లలు స్టూడియోకు వస్తారు. తండ్రికి వయసు చేర్చి తల్లి పక్కన కూర్చోబెట్టమంటారు. ఇక్కడ సరిచూసుకోవడానికి నోటు మీది ముఖం వంటి జవాబు ఎక్కడా లేదు. జీవించని జీవితానికి చరిత్ర లేదు. అతడు లావయ్యేవాడా, చిక్కేవాడా, పళ్ళు పోయేవా అన్నది చెప్పగల ఆధారం అతని సోదరుల ముఖాల్లో కొంత దొరుకుతుంది, మిగిలినదంతా చిత్రకారుని చేతిలో ఉన్నది. బాధ్యత తెలిసిన చిత్రకారుడు ఇటువంటప్పుడు జుట్టులోనూ ముఖాకృతిలోనూ తక్కువ సాహసం చేస్తాడు. తెలిసినంతవరకు వెళ్ళి ఆగుతాడు. ఆ చిత్రంలో భర్త, భార్య కంటే పదేళ్ళు చిన్నగా కనిపించవచ్చు. స్టూడియోవారు దాన్ని లోపమనుకొని మరికొన్ని ముడతలు చేరుస్తారు. ఆ ఇల్లాలు మాత్రం మొదటి ప్రతినే ఎంచుకుంటుంది. కళ్ళు అందులోనే ఆయనవిగా ఉన్నాయని చెబుతుంది.